టీ తాగే వేడికి ఎప్పుడు వస్తుంది?

పొయ్యి మీద మరిగిన టీని కప్పులో పోసేసరికి దాని ఉష్ణోగ్రత దాదాపు 90 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. నోరు కాలకుండా తాగాలంటే 60 డిగ్రీల దగ్గరికి రావాలి. అందుకు ఎంతసేపు పడుతుందో ఐజాక్ న్యూటన్ 1701లో ప్రకటించిన శీతలీకరణ సూత్రంతో లెక్క కట్టవచ్చు. వస్తువుకూ చుట్టూ ఉన్న గాలికీ మధ్య ఉష్ణోగ్రతలో ఎంత తేడా ఉంటే అంత వేగంగా అది చల్లారుతుందన్నది ఆ సూత్రం. తేడా సగానికి పడిపోతే చల్లారే వేగమూ సగమే అవుతుంది.

గది ఉష్ణోగ్రత 30 డిగ్రీలు అనుకుందాం. 90 డిగ్రీల టీకి, గాలికి తేడా 60. అయిదు నిమిషాల తర్వాత థర్మామీటరు పెడితే 80 చూపించింది, అంటే తేడా 50కి దిగింది. అయిదు నిమిషాల్లో తేడాలో ఆరో వంతు పోయిందన్నమాట. ఈ కప్పుకు ఇదే లెక్క సాగుతుంది. మరో అయిదు నిమిషాలకు 50లో ఆరో వంతు పోయి టీ సుమారు 72 డిగ్రీలకు, పదిహేనో నిమిషానికి 65కు, ఇరవయ్యో నిమిషానికి 59కి చేరుతుంది. మొదటి అయిదు నిమిషాల్లో పది డిగ్రీలు తగ్గిన టీ చివరి అయిదు నిమిషాల్లో ఆరు డిగ్రీలే తగ్గింది. 60 డిగ్రీలకు రావడానికి దాదాపు 19 నిమిషాలు పట్టింది.

అదే కప్పు, అదే టీ, 40 డిగ్రీల మే నెల మధ్యాహ్నం అయితే 25 నిమిషాలు తీసుకుంటుంది. 15 డిగ్రీల చలి ఉదయం 14 నిమిషాలు చాలు.

ఈ ఆరో వంతు అన్నది మాత్రం అన్ని కప్పులకూ ఒకటి కాదు. చిన్న గాజు గ్లాసులో టీ తక్కువ, దానితో పోలిస్తే ఉపరితలం ఎక్కువ కాబట్టి తొందరగా చల్లారుతుంది. మూతపెట్టిన స్టీలు ఫ్లాస్కులో గంటలు పడుతుంది. ఏ పాత్రకు ఆ పాత్రలో ఒకసారి కొలిచి చూసుకోవాల్సిందే.

సూత్రానికి లొంగనిది ఆవిరి. పొగలు కక్కే టీ పైనుంచి లేచే ఆవిరి చాలా వేడిని పట్టుకుపోతుంది. టీ చల్లబడేకొద్దీ ఆవిరి బాగా తగ్గిపోతుంది. కాబట్టి మూతలేని కప్పు మొదట్లో లెక్క కంటే వేగంగా, తర్వాత నెమ్మదిగా చల్లారుతుంది. అయిదేసి నిమిషాలకోసారి కొలిచినప్పుడు పోయే వంతు ఒకేలా ఉండక తగ్గుతూ వస్తే, ఆవిరి ప్రభావం ఉందని తెలుసుకోవచ్చు. టీ మీద మీగడ కడితే ఆవిరి కొంత ఆగుతుంది, చల్లారడం ఆలస్యమవుతుంది. రెండు గ్లాసుల మధ్య తిరగబోస్తే ధార గాలికి పరుచుకుని, ఆవిరి బాగా లేచి, ఉష్ణోగ్రత గబగబా పడిపోతుంది. అప్పుడు పై లెక్క వర్తించదు.

65 డిగ్రీలు దాటిన పానీయాలు తాగడం వల్ల అన్నవాహిక క్యాన్సర్ వచ్చే అవకాశం ఉందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ప్రకటించింది. పై ఉదాహరణలోని కప్పు ఆ హద్దు కిందికి దిగడానికి పావుగంట పడుతుంది.