తాతగారి ఆస్తిలో చనిపోయిన కూతురి వాటా

తండ్రి బతికుండగానే కూతురు చనిపోతే పుట్టింటి ఆస్తితో ఆ పిల్లలకు ఇక సంబంధం లేదని చాలా కుటుంబాలు నమ్ముతాయి. పిల్లల తండ్రి కూడా అలాగే నమ్మి ఊరుకుంటాడు. చట్టం అలా అనడం లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వీలునామా రాయకుండా పోయిన మగవాడి ఆస్తికి మొదటి తరగతి వారసులు ఎవరో జాబితా ఇచ్చింది. కొడుకు, కూతురు, భార్య, తల్లితో పాటు, ముందే చనిపోయిన కూతురి కొడుకు, కూతురు కూడా ఆ జాబితాలో మొదటినుంచీ ఉన్నారు. 2005 సవరణ తెచ్చిన హక్కు కాదిది.

ఒక ఉదాహరణ చూద్దాం. గుంటూరు జిల్లాలో ఒక రైతు తన సంపాదనతో ఐదెకరాలు కొన్నాడు. 2019లో వీలునామా లేకుండా పోయాడు. భార్య, ఇద్దరు కొడుకులు, చిన్నకూతురు ఉన్నారు. పెద్దకూతురు 2012లోనే జబ్బుచేసి పోయింది. ఆమెకు ఒక కొడుకు, ఒక కూతురు. పెద్దాయన తల్లి అంతకుముందే కాలం చేసింది.

చట్టంలోని పదో సెక్షన్ ప్రకారం భార్యకు ఒక వాటా, బతికున్న ప్రతి కొడుక్కీ కూతురికీ ఒక్కో వాటా, చనిపోయిన కూతురి పిల్లలందరికీ కలిపి ఒక వాటా. అంటే మొత్తం ఐదు వాటాలు, వాటాకు ఎకరం. పెద్దకూతురి పిల్లలిద్దరికీ చెరో యాభై సెంట్లు. ఆమెకు నలుగురు పిల్లలున్నా ఆ శాఖకు ఎకరమే వస్తుంది, అందులోనే నలుగురూ పంచుకోవాలి. పిల్లలే లేకుంటే ఆమె పేరిట వాటా ఉండదు, ఆస్తి నాలుగు భాగాలే అవుతుంది.

ఇక్కడ అల్లుడికి ఏమీ రాదు. చనిపోయిన కొడుకు శాఖలో అతని భార్యకు భాగం ఉంది కానీ, చనిపోయిన కూతురి శాఖలో భర్తకు చట్టం చోటివ్వలేదు. అతను మళ్లీ పెళ్లి చేసుకున్నా మొదటి భార్య పిల్లల భాగం తగ్గదు, రెండో భార్య పిల్లలకు అందులో వంతు రాదు.

అయితే ఎవరు ముందు పోయారన్నది గట్టిగా చూసుకోవాలి. అదే పెద్దకూతురు తండ్రి తర్వాత, 2021లో చనిపోయిందనుకోండి. అప్పుడు 2019లో తండ్రి పోయిన రోజే ఆమె ఎకరం ఆమెదైపోయింది, పట్టాలో పేరు ఎక్కినా ఎక్కకపోయినా. ఆమె పోయాక ఆ ఎకరం పదిహేనో సెక్షన్ కింద భర్తకూ పిల్లలకూ సమానంగా వెళుతుంది, తలా దాదాపు 33 సెంట్లు. అందుకే ఇద్దరి మరణ ధ్రువీకరణ పత్రాలూ పక్కపక్కన పెట్టి తేదీలు చూశాకే లెక్క మొదలెట్టాలి. అమ్మమ్మ ఎకరం మాటా మరవకూడదు. ఆవిడ కూడా వీలునామా రాయకుండా పోతే అది నలుగురు బిడ్డల శాఖలకూ పాతిక సెంట్ల చొప్పున చేరుతుంది, అందులో ఒక పాతిక సెంట్లు మళ్లీ ఈ పిల్లలవే.

పెద్దాయనకు ఆ భూమి తన తాతముత్తాతల ఉమ్మడి ఆస్తిగా వచ్చి ఉంటే లెక్క మారుతుంది. కూతురికి పుట్టుకతోనే హక్కు ఉందన్న 2005 సవరణ, దానిపై 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అప్పుడు ముందుకొస్తాయి. 2005 సెప్టెంబరు 9 నాటికి ఆ కూతురు బతికుందా అన్న ప్రశ్న ముఖ్యమవుతుంది. అలాంటి భూమికి పాత దస్తావేజులన్నీ వకీలు చేత చూపించుకోవాల్సిందే.

మేనమామలు సాధారణంగా అనే మాట ఒకటుంది: "మీ అమ్మ పెళ్లికి కట్నం ఇచ్చాం, పసుపు కుంకుమల కింద ఇవ్వాల్సింది ఇచ్చాం, ఇంకేం ఉంది బాబూ?" వాళ్ల బాధలో నిజం ఉండొచ్చు, పొలం చూసుకున్నది వాళ్లే కావచ్చు. కానీ పెళ్లినాటి ఖర్చునో కట్నాన్నో వారసత్వ వాటాలోంచి తీసెయ్యమని చట్టంలో ఎక్కడా లేదు. వాటాను నిజంగా పోగొట్టేవి వేరు: చెల్లే వీలునామా, లేదా తాతగారు బతికుండగా రిజిస్టరు చేసిన గిఫ్టు, సెటిల్‌మెంటు, అమ్మకం. అందుకే ముందు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు నుంచి సర్వే నంబర్ల వారీగా ఈసీ తీసుకోవాలి. ఆయన ఏ భూమి ఎప్పుడు ఎవరికి రాశాడో అందులో తెలుస్తుంది.

నా ఉద్దేశంలో ఈ హక్కు ఎక్కువగా జారిపోయేది తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం దగ్గర. విచారణకొచ్చిన వారికి బతికున్న బిడ్డల పేర్లు చెబుతారు, పోయిన కూతురి పేరు ఎవరూ ఎత్తరు. ఆ పత్రంతోనే పట్టా మార్పిడి జరుగుతుంది, పాసుపుస్తకాలు వస్తాయి, ఆపైన పొలం బేరానికొస్తుంది. పిల్లలు వెంటనే తహసీల్దారుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోవాలి. తండ్రి పేరున్న అమ్మ పదో తరగతి మార్కుల జాబితా లేదా టీసీ, ఆమె మరణ ధ్రువీకరణ పత్రం, తల్లి పేరున్న తమ జనన ధ్రువీకరణ పత్రాలు జత చేయాలి. ఆ గొలుసు తెగకుండా ఉంటే చాలు. ఇప్పటికే పట్టా మారిపోయినా భయపడక్కర్లేదు. రెవెన్యూ రికార్డులో పేరు ఎక్కినంత మాత్రాన ఒకరి వాటా మరొకరిది కాదు. మేనమామ అమ్మేసినా, కొన్నవాడికి దక్కేది మేనమామ వాటా వరకే.

రెండో ప్రమాదం సంతకాలది. పిల్లలు మైనర్లుగా ఉన్నప్పుడు తండ్రిచేత హక్కు విడుదల పత్రం రాయించుకుంటారు. మైనరు స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా వదులుకునే అధికారం తండ్రికి లేదు. అలా రాసిన దాన్ని ఆ పిల్లలు పద్దెనిమిదేళ్లు నిండిన మూడేళ్లలోపు కోర్టులో రద్దు చేయించుకోవచ్చు. ఆ గడువు దాటితే కష్టం. పెద్దయ్యాక స్టాంపు కాగితం మీద పెద్దమనుషుల ముందు చేసిన సంతకం మాత్రం వేరే సంగతి. స్థిరాస్తి హక్కు వదులుకునే పత్రం రిజిస్టరు కాకపోతే దాంతో హక్కు పోదు, అయినా గొడవకు మాత్రం చాలినంత పనికొస్తుంది. చదవకుండా, వకీలుకు చూపకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

మాటలతో తేలకపోతే లాయరు నోటీసు, ఆపైన సివిల్ కోర్టులో పార్టిషన్ దావా. వాటాదారులందర్నీ అందులో చేర్చాలి, తాతగారి ఆస్తులన్నీ చూపాలి. ఒక్కరిని వదిలినా, ఒక్క ఇల్లు మరిచినా అదే అడ్డంకి అవుతుంది. కోర్టు ముందు ఎవరి వాటా ఎంతో తేలుస్తూ ప్రాథమిక డిక్రీ ఇస్తుంది. తర్వాత అడ్వొకేట్ కమిషనర్ సర్వేయరుతో వెళ్లి భూమి కొలిచి హద్దులు వేశాక తుది డిక్రీ వస్తుంది. చాలామంది ప్రాథమిక డిక్రీతోనే గెలిచామనుకుని ఆగిపోతారు, చేతికి భూమి వచ్చేది రెండో దాంతోనే.

గడువు విషయంలో, ఉమ్మడి వాటాదారు ఒకరు పొలం సాగుచేసుకుంటున్నంత మాత్రాన మిగతావారి హక్కు చావదు. "మీకు వాటా లేదు" అని బాహాటంగా కాదన్న నాటినుంచి పన్నెండేళ్ల లెక్క నడుస్తుందని కోర్టుల్లో వాదన వస్తుంది. కాబట్టి అలాంటి నోటీసు లేదా జవాబు చేతికొస్తే తేదీ రాసి దాచండి.

ఈ లెక్కంతా హిందూ వారసత్వ చట్టం వర్తించేవారికే. బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా దాని కిందికే వస్తారు. షెడ్యూల్డ్ తెగలకు, ముస్లింలకు అది వర్తించదు. సున్నీ ముస్లిం వారసత్వంలో కొడుకులు బతికుంటే చనిపోయిన కూతురి పిల్లలకు వాటా రాదు. క్రైస్తవులకు భారత వారసత్వ చట్టం ఉంది, అందులో చనిపోయిన బిడ్డ వాటా ఆ పిల్లలకు చేరుతుంది.

అమ్మ లేని పిల్లలు మీ ఇంట్లో ఉంటే, తాతగారు పోయిన ఏడాదిలోపే ఆయన కుటుంబ సభ్యుల పత్రంలో తమ పేర్లు ఉన్నాయో లేవో చూడమని చెప్పండి.