చల్లదనం నుండి గడ్డకట్టే చలి దాకా

సంక్రాంతి ముందరి తెల్లవారుజామును వర్ణించమని అడిగితే, విద్యార్థులలో చాలమంది మొదటి వాక్యంలోనే "ఎముకలు కొరికే చలి" అని వ్రాస్తారు. ఆపైన చలి పెరిగిందని చెప్పడానికి వారి దగ్గర మాట మిగలదు. శీతలాన్ని తెలిపే మాటలకు మన భాషలో ఒక వరుస ఉన్నది. ఆ వరుస తెలిస్తే వర్ణన మొదటి వాక్యంలోనే అయిపోదు.

ముందుగా ఒక భేదం గమనించవలె. "చల్లన" మెచ్చుకొనే మాట. "చలి" ఓర్చుకొనే మాట. పెద్దలు "చల్లగా ఉండు నాయనా" అని దీవిస్తారే గాని, చలిగా ఉండుమని ఎవరూ దీవించరు. వర్ణనలో ఈ రెంటి నడుమ గడప దాటినట్లు పాఠకునికి తెలియవలె.

వరుస ఇది: చల్లన, చిరుచలి, చలి, వణికించే చలి, ఎముకలు కొరికే చలి, చివరకు గడ్డకట్టే చలి. మొదటి మెట్టున మనిషి కిటికీ తెరుస్తాడు. రెండవదాన కిటికీ మూస్తాడు. మూడవదాన దుప్పటి వెదకుతాడు. నాల్గవదాన దుప్పటి చాలదు, పళ్లు టకటకలాడతాయి. అయిదవదాన వ్రేళ్లు కొంకర్లు పోతాయి, ముడి విప్పడం కష్టమవుతుంది. ఆరవదాన నీరే గడ్డకడుతుంది. మాటకు తగిన గుర్తు ప్రక్కన ఉంటేనే ఆ మాట నమ్మదగినదవుతుంది.

గుర్తు విషయంలో ఒక పొరపాటు తరచు జరుగుతుంది. "సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టింది, అంత ఘోరమైన చలి" అని వ్రాస్తారు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీలకే పేరుకొంటుంది. అది చల్లని ఉదయానికి గుర్తు, ఘోరమైన చలికి కాదు. నీరు గడ్డకట్టడానికి సున్న డిగ్రీలు కావలె. "మంచు" అనే మాటతోనూ ఇట్టి చిక్కే ఉన్నది. పొలాన గడ్డిమీది తడిని, దారి కనబడనీయని తెరను, హిమాలయాలమీది తెల్లని గడ్డను మూడింటినీ మనం మంచు అనే అంటాము. అందువల్ల ఏ మంచో వాక్యమే చెప్పవలె: గడ్డిపై నిలిచిన మంచు, దారిని మూసిన పొగమంచు, పేరుకొన్న మంచుగడ్డ.

ఇక సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరువు వద్ద ఒక జనవరి రాత్రిని తీసికొందాము. ఆ ప్రాంతం సముద్రమట్టానికి అయిదువందల మీటర్లకు పైన ఉన్న పీఠభూమి. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి నిలిచిపోయిన రాత్రి, నేల తన వేడిని పైకి విడిచివేస్తుంది. అడ్డుపడడానికి మబ్బు ఉండదు. అందుచేత చలి అర్ధరాత్రితో ఆగదు, సూర్యోదయం దాకా పెరుగుతూనే ఉంటుంది. వర్ణన కూడా ఆ క్రమాన్నే అనుసరించవచ్చు:

"ప్రొద్దు గ్రుంకగానే గాలి చల్లబడింది. అరుగుమీద కూర్చున్నవారికి లోపలికి పోబుద్ధి కాలేదు. రాత్రి పది గంటలకు చిరుచలి పట్టింది. కార్ఖానా కావలివాడు తువాలును చెవులమీదికి లాగుకొన్నాడు. రెండు గంటలకు చలి గదిలోకి వచ్చింది. నిద్రలోనే పిల్లలు తల్లి దుప్పటిలోకి జరిగారు. తెల్లవారుజామున రాత్రిపని ముగించిన కార్మికులు బస్సు కోసం రోడ్డుమీద వణకుతూ నిలబడ్డారు. వారు టీ గ్లాసును త్రాగడానికి ముందు అరచేతులతో పట్టుకొన్నారు."

ఇక్కడ రెండేసి వాక్యాలకు ఒక్కొక్క మెట్టు చొప్పున వర్ణన దిగింది. అయిదవ మెట్టు జోలికి మాత్రం పోలేదు. మామూలు జనవరిలో పటాన్‌చెరువు రాత్రులు సాధారణంగా పది పదిహేను డిగ్రీల నడుమనే ఉంటాయి. పదికి దిగువ చాల లోతుకు జారిన అరుదైన ఉదయానికి "ఎముకలు కొరికే" అన్న మాటను దాచుకోవచ్చు. తెలంగాణ పల్లెలలో అట్టి కటిక చలికి "ఇగం" అనే చక్కని మాట ఉన్నది. పాత్ర పలికే వాక్యంలో అది ఒదుగుతుంది. "గడ్డకట్టే చలి" ఈ ఊరికి చెల్లదు. అది హిమాలయాలకో, అరుదుగా నేలపై మంచు పేరుకొనే విశాఖ మన్యంలోని లంబసింగికో తగిన మాట.

డిగ్రీలు మాత్రమే కొలత కాదని కూడా మరువరాదు. వాన తడిసిన బట్టలతో గాలిలో నిలిచినవానికి ఇరవై డిగ్రీలే వణుకు పుట్టించగలవు. అప్పుడు మెట్టు మారినందుకు కారణం, అనగా ఆ తడినీ గాలినీ, ముందు చెప్పి, ఆ తరువాతనే వణుకును వ్రాయవలె.