యూట్యూబ్‌లో పెట్టేముందు ఒక్క మాట

షార్ట్ ఫిల్మ్ పూర్తయిన వారంలోనే ఏదో ఒక ప్రివ్యూ థియేటర్లో షో వేసి, ఆ రాత్రే యూట్యూబ్‌లో పెట్టేయడం మన దగ్గర అలవాటైపోయింది. వ్యూస్ కోసం తీసిన సినిమా అయితే అందులో తప్పేమీ లేదు. ఫెస్టివల్స్‌కు పంపాలన్న ఆలోచన ఉంటే మాత్రం అప్‌లోడ్‌ను ఏడాదికి పైగా ఆపుకోవాలి. ప్రీమియర్ ఒకసారి అయిపోతే మళ్లీ తిరిగి రాదు.

సినిమాను ప్రపంచంలో మొట్టమొదట జనం ముందు ఎక్కడ వేస్తే అక్కడే దాని వరల్డ్ ప్రీమియర్ జరిగినట్టు. సొంత దేశం దాటి తొలిసారి వేస్తే ఇంటర్నేషనల్ ప్రీమియర్. అందుకే హైదరాబాద్‌లో ఒక ఫెస్టివల్‌లో ప్రదర్శించిన సినిమాకు వరల్డ్ ప్రీమియర్, ఇండియా ప్రీమియర్ రెండూ అయిపోతాయి, ఇంటర్నేషనల్ ప్రీమియర్ మాత్రం మిగులుతుంది. యూనిట్ వాళ్లకూ కుటుంబాలకూ పిలిచి చూపించిన షోను మామూలుగా లెక్కలోకి తీసుకోరు. టికెట్ పెట్టినా, పోస్టర్ వేసి అందరినీ రమ్మన్నా అది లెక్కలోకి వస్తుంది. ఆన్‌లైన్‌లో అందరికీ కనిపించేలా పెడితే చాలా చోట్ల అన్ని ప్రీమియర్లూ ఒకేసారి పోయినట్టే.

వరంగల్‌లో తీసిన 14 నిమిషాల సినిమా ఒకటి సెప్టెంబరులో సబ్‌టైటిల్స్‌తో సహా సిద్ధమైందనుకుందాం. ముందు చూడాల్సింది బెర్లిన్. అక్కడి షార్ట్స్ విభాగం 30 నిమిషాల వరకు ఒప్పుకుంటుంది, కాకపోతే సొంత దేశం బయట అంతకుముందు ఎక్కడా చూపించి ఉండకూడదు. శరదృతువులో ఎంట్రీలు తీసుకుని ఫిబ్రవరిలో పండగ చేస్తారు. ఆ తర్వాత కాన్. అక్కడ షార్ట్ ఫిల్మ్ పోటీకి ఎంట్రీ ఫీజు లేదు, ఇంటర్నెట్‌లో వచ్చిన సినిమా పనికిరాదు, నిడివి టైటిల్స్‌తో కలిపి 15 నిమిషాలు దాటకూడదు. మన సినిమా కథ 14 నిమిషాలే అయినా, చివర్లో కృతజ్ఞతల జాబితా 70 సెకన్లు నడిస్తే అనర్హమైపోతుంది. ఎడిటింగ్ లాక్ చేసేముందే ఈ లెక్క చూసుకోవడం మేలు.

సన్‌డాన్స్ తీరు వేరు. షార్ట్‌లకు అక్కడ ప్రీమియర్ నిబంధనే లేదు. అలాగని అవకాశం తేలిక అనుకోకండి: 2025 పండగకు 11,153 షార్ట్‌లు వస్తే 57 తీసుకున్నారు. మన దేశంలో తిరువనంతపురంలో జరిగే ఐడీఎస్ఎఫ్ఎఫ్‌కే, బెంగళూరు షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్ ఉన్నాయి. బెంగళూరులో ఆస్కార్ గుర్తింపు ఉన్న అవార్డు గెలిస్తే ఆ ఏడాది ఆస్కార్ పోటీకి అర్హత దక్కుతుంది. సినిమా 40 నిమిషాలు మించకూడదు, ఆ అర్హత రాకముందే ఆన్‌లైన్‌లో పెట్టి ఉండకూడదు.

ఇప్పుడు కాలం లెక్క చూడండి. సెప్టెంబరులో సిద్ధమైన సినిమాకు బెర్లిన్ జవాబు కొత్త సంవత్సరం ప్రాంతంలో వస్తుంది, కాన్ జవాబు వేసవిలో. ఆగస్టు వరకు మన దేశంలోని పండగలు, ఆ ఆగస్టులోనే సన్‌డాన్స్ ఎంట్రీ, అది జరిగేది మరుసటి జనవరిలో. మొత్తం 16 నెలలు. ఒకరి జవాబు వచ్చేదాకా ఆగి మరొకరికి పంపితే రెండేళ్లయినా చాలవు. అందుకే ఎంట్రీలు ఒకేసారి పంపి, ఆహ్వానాలు ఒప్పుకునేటప్పుడు వరుస పాటించాలి. బెర్లిన్ జవాబు రాకముందే ఏ చిన్న విదేశీ ఫెస్టివలో పిలిస్తే వెంటనే సరే అనకండి. ఫలానా తేదీలోగా చెప్పాల్సి ఉందని బెర్లిన్‌కు మర్యాదగా మెయిల్ రాయండి. జవాబు రాకపోతే నిర్ణయం మీదే.

ఫీజుల దగ్గరే చేతిలో డబ్బు కరిగేది. FilmFreeway లాంటి సైట్లలో ఒకే ఫెస్టివల్‌కు ఎర్లీబర్డ్, రెగ్యులర్, లేట్ అని గడువును బట్టి ధర పెరుగుతుంది. ఎర్లీబర్డ్‌కు 30 డాలర్లు, లేట్‌కు 60 అనుకుంటే, పది ఫెస్టివల్స్‌కు ఆలస్యంగా పంపిన వాళ్లు 300 డాలర్లు ఊరికే ఎక్కువ కట్టినట్టు. దానికి తోడు బ్యాంకు విదేశీ చెల్లింపు ఛార్జీలు. ఎంపిక కాకపోతే ఫీజు వెనక్కి రాదు. విద్యార్థులు, సొంత డబ్బుతో తీసినవాళ్లు గడువుకు నెల ముందు ఫీజు మినహాయింపు అడిగి చూడొచ్చు.

నెలనెలా అవార్డులిచ్చే పేర్లతో జాగ్రత్తగా ఉండాలి. వాటిలో చాలావాటికి థియేటరూ ప్రేక్షకులూ ఉండరు. డజన్ల విభాగాల్లో విజేతలను ప్రకటించి, పోస్టర్ మీద అతికించుకునే లారెల్ బొమ్మ పంపుతారు, ట్రోఫీ కావాలంటే మళ్లీ డబ్బడుగుతారు. ఫీజు కట్టేముందు గత ఏడాది సినిమాల పట్టిక, ప్రదర్శన వేదిక, షో టైములు చూడండి. అవి కనిపించకపోతే కట్టకండి. గత ఏడాది అక్కడ వేసిన దర్శకుడెవరికైనా మెసేజ్ పెట్టి హాల్లో జనం ఉన్నారా అని అడగండి, చాలామంది నిజమే చెబుతారు.