రెండు లక్షలా? చాలా ఎక్కువండీ!

ఇంటి డాబా మీద సోలార్ ప్యానెళ్లు బిగించే వెండార్లు రోజూ వినే మాట ఇది. చాలామంది ఇచ్చే జవాబు కూడా ఒకటే: ‘మీరు కాబట్టి పదివేలు తగ్గిస్తాలెండి సార్.’ దాంతో బేరం తెగిపోయిందనుకుంటారు. అసలు బేరం అక్కడే మొదలవుతుంది. ఒక్క మాటకే పదివేలు దిగినవాడు రెండో మాటకు ఇంకెంత దిగుతాడో చూద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. మొదట చెప్పిన ధరలో ఆ పదివేలు ఊరికే కలిపాడన్న అనుమానం కూడా వస్తుంది. ఆ అనుమానం వచ్చాక ప్యానెల్ గురించి, వారంటీ గురించి ఎంత నిజం చెప్పినా సగమే నమ్ముతారు.

తగ్గించిన సొమ్ము ఎక్కడి నుంచి వస్తుందో లెక్క వేసి చూద్దాం. మూడు కిలోవాట్ల సిస్టమ్‌కు వెండార్ 2,05,000 రూపాయలు చెప్పాడనుకుందాం. సరుకు, కూలి, రవాణా, ఆఫీసు ఖర్చు కలిపి అతనికి 1,78,000 అవుతుంది. మిగిలేది 27,000. అందులో 13,500 తగ్గిస్తే కొనేవాడి కంటికి అది ధరలో ఆరేడు శాతమే, అమ్మేవాడికి మాత్రం లాభంలో సగం. ఇదివరకు ఒక ఇంటి మీద మిగిలింది ఇకపై రెండిళ్లు కడితేగాని మిగలదు. అంత నష్టం భరించలేనివాడు దాన్ని సరుకులో రాబట్టుకుంటాడు. నాలుగు చదరపు మిల్లీమీటర్ల డీసీ కేబుల్ వేయాల్సిన చోట సన్నది వేస్తాడు, మూడు ఎర్తింగ్ గుంతలకు బదులు రెండే తవ్విస్తాడు, స్ట్రక్చర్‌కు పల్చటి జీఐ పైపు తెస్తాడు. ఇవేవీ ఆ రోజున కనబడవు. పైపును డాబా మీదే వెల్డింగ్ చేసి వదిలేస్తే ఆ వేడికి జింకు పూత కాలిపోతుంది. వానలు పడ్డాక అతుకుల దగ్గర నుంచి తుప్పు చారలు దిగుతాయి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అది ఇంకా త్వరగా జరుగుతుంది. తొందరపడి ఇచ్చిన డిస్కౌంటును చివరికి ఆ ఇంటివాళ్లే మోస్తారు.

అలాగని ‘ఎక్కువేం కాదు సార్, మార్కెట్లో ఇదే రేటు’ అని వాదనకు దిగినా పని జరగదు. కొనేవాడి మాటను కాదన్నట్టవుతుంది, ఆయనకూ పట్టుదల పెరుగుతుంది. పక్క వెండార్‌ను తిట్టడం మరీ అనవసరం. అనుభవం ఉన్నవాళ్లు ముందు ఒప్పుకుంటారు: ‘నిజమే సార్, చిన్న మొత్తం కాదు.’ ఆ తర్వాత ఒక ప్రశ్న వేస్తారు: ‘దేంతో పోల్చి ఎక్కువనిపించింది?’ ప్రశ్న వేశాక మాట్లాడకుండా ఉండటమే ఈ పద్ధతిలో కష్టమైన భాగం. అవతలి మనిషి ఆలోచించుకునే పది సెకన్లు కూడా ఓపిక పట్టలేక, ఆ నిశ్శబ్దాన్ని డిస్కౌంటుతో నింపేస్తారు చాలామంది.

ఆ జవాబు ఎందుకంత అవసరమంటే, ‘ఎక్కువ’ అన్న ఒక్క మాట వెనక వేరు వేరు సంగతులు ఉంటాయి. ఒకరి చేతిలో ఇంకో కొటేషన్ ఉంటుంది. ఒకరి దగ్గర ఇప్పటికిప్పుడు అంత డబ్బుండదు. ఒకరికి ఇది నిజంగా పనిచేస్తుందా అన్న సందేహం. మరొకరికి కూరగాయలైనా కారైనా అడిగి చూడటం అలవాటు. వీళ్లలో ధర తగ్గిస్తే సమస్య తీరేది చివరి మనిషికే, అదీ అంతంతమాత్రంగానే. డబ్బు చాలనివారికి ఐదువేలు తగ్గించినా చాలదు. సందేహం ఉన్నవారికి తగ్గించే కొద్దీ సందేహం పెరుగుతుంది. ఎవరు ఏ కోవలోవారో వాళ్ల ప్రశ్నలే చెబుతాయి. పని ఎప్పుడు మొదలుపెడతారు, మనుషులు ఎవరొస్తారు, వాటర్ ట్యాంకు అడ్డం రాదా అని అడిగేవారు మనసులో కొనేశారు, ధర దగ్గర ఒక ప్రయత్నం చేస్తున్నారంతే. ఏమీ అడగకుండా ‘ఎక్కువ, చూద్దాం’ అనేవారి ఇబ్బంది ధర కాకపోవచ్చు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. గుంటూరులో ఒక రిటైర్డ్ లెక్చరర్. నెలకు మూడొందల యాభై యూనిట్లు కాలే ఇల్లు. ఆయన దగ్గర ఇంకో కొటేషన్ ఉంది.

‘అతను లక్షా డెబ్బై ఐదుకే చేస్తానంటున్నాడు బాబూ. నువ్వేమో ముప్పైవేలు ఎక్కువ చెబుతున్నావు.’

‘ముప్పైవేలంటే చూడాల్సిందే సార్. ఆ కాగితం ఒకసారి చూడొచ్చా? రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. మీకు అనవసరమైనవి నా దాంట్లో ఉంటే తీసేద్దాం.’

ఆ రెండో కాగితంలో ఐదే లైన్లున్నాయి. వెండార్ ఒక్కొక్కటీ అడుగుతూ పోయాడు. ఎర్తింగ్ ‘వాస్తవ ఖర్చు ప్రకారం’ అని రాసి ఉంది. డీసీ వైపు ఒకటి, ఏసీ వైపు ఒకటి, పిడుగు నుంచి కాపాడే అరెస్టర్‌కు ఒకటి కావాలి, వాటికి ఏడువేల దాకా అవుతుంది. డిస్కంలో నెట్ మీటర్ దరఖాస్తు, దాని ఖర్చుల ఊసు లేదు, అది ఇంకో నాలుగువేలు. స్ట్రక్చర్ డాబాకు అడుగెత్తులో ఉండే రకం. ఇతను చెప్పింది మనిషి కింద నడిచేంత ఎత్తున్నది, ఆ తేడా పద్నాలుగు వేలు. అవన్నీ కలిపితే 1,75,000 కాస్తా రెండు లక్షలైంది. ముప్పైవేల తేడాలో ఇప్పుడు మిగిలింది ఐదువేలు.

కానీ అన్నిటికన్నా ముఖ్యమైనది ప్యానెళ్ల లైను. ఆ కాగితంలో వాటేజీ ఉంది, కంపెనీ పేరు లేదు, సెల్స్ ఎక్కడివో లేదు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో సబ్సిడీ రావాలంటే సెల్స్, ప్యానెల్ రెండూ మన దేశంలో తయారై ఉండాలి. వీటినే డీసీఆర్ ప్యానెళ్లంటారు. దిగుమతి సెల్స్‌తో చేసినవి చవక, వాటికి సబ్సిడీ రాదు. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000, మూడోదానికి 18,000 చొప్పున మూడు కిలోవాట్లకు 78,000 వస్తుంది. పని పూర్తయ్యాక ఆ సొమ్ము నేరుగా ఇంటి యజమాని ఖాతాలో పడుతుంది.

ఇక్కడ వెండార్ ‘అతను మిమ్మల్ని మోసం చేస్తున్నాడు’ అనలేదు. ‘ఆయన డీసీఆర్ ప్యానెళ్లే వేస్తూ ఉండొచ్చు సార్. కాగితం మీద రాసిమ్మని అడగండి, చాలు’ అన్నాడు. ఆ మాటకు రెండు పనులు జరిగాయి. లెక్చరర్‌గారికి ఏం అడగాలో తెలిసింది. ఎదుటివాడి మీద నింద వేయకపోవడంతో ఇతని మాటకు విలువ పెరిగింది.

తర్వాత ఎత్తు స్ట్రక్చర్ దగ్గరికొచ్చారు. పద్నాలుగు వేలు తగ్గే మార్గం నిజంగా ఉన్నది అక్కడే. ‘డాబా పెద్దగా వాడరంటే కింద ఉండే రకమే వేద్దాం సార్, ధర 1,91,000 అవుతుంది’ అన్నాడు. లోపలి నుంచి ఆవిడ గొంతు: ‘వడియాలు ఎక్కడ పెట్టుకోవాలండీ? ట్యాంకు కడగాలంటే మనిషి ఎలా దూరతాడు?’ ఎత్తుదే ఉండాలని ఇంట్లోనే తేలిపోయింది. అమ్మేవాడు ఎంత వాదించినా ఆ పద్నాలుగు వేల విలువ అంత బాగా చెప్పలేడు. ఒకవేళ ఆవిడ సరేనన్నా అతనికి నష్టం లేదు, ధరతోపాటు పని కూడా తగ్గింది.

చివరికి ఐదువేలు మిగిలాయి. దీనికి ఏదో ఒక సరుకు పేరు చెప్పి సర్దిపెట్టాలనిపిస్తుంది. ఉన్నదున్నట్టు చెప్పడమే మేలు: ‘అది నాది సార్. ఐదేళ్ల మెయింటెనెన్స్ పథకం ప్రకారం అందరూ ఇవ్వాల్సిందే. నేను ఈ ఊళ్లోనే ఉంటాను కాబట్టి ఇన్వర్టర్ ఆగిందంటే నా మనిషి త్వరగా వస్తాడు. దానికి నాకు ఖర్చుంది.’

లెక్చరర్‌గారు అప్పటికీ ఊరుకోలేదు. ‘నా మాటకు ఎంతో కొంత తగ్గించవయ్యా.’ ఇలాంటప్పుడు తగ్గించవచ్చు, బదులుగా ఏదైనా తీసుకుంటేనే. ఈ వ్యాపారంలో కొనేవాళ్లు చాలామంది కొంత డబ్బు ‘సబ్సిడీ పడ్డాక ఇస్తాం’ అంటారు. అది ఎన్నాళ్లకు పడుతుందో వెండార్ చేతిలో లేదు, అన్నాళ్లూ అతని పెట్టుబడి ఇరుక్కుపోతుంది. అందుకే ఇతను అన్నాడు: ‘మీటరు బిగించిన రోజే మొత్తం ఇచ్చేస్తే మూడువేలు తగ్గిస్తాను. సబ్సిడీ దాకా ఆగమంటే ఇదే రేటు.’ ఇందులో మూడువేలకు కారణం కనబడుతోంది. కారణం తెలిసింది కాబట్టి ఇంకో మూడువేలు అడగాలన్న ఊహ రాదు. పక్కింటివాళ్లకు తెలిసినా ఇబ్బంది లేదు, అదే షరతుకు వాళ్లకూ అదే తగ్గింపు.

డబ్బు చాలక ‘ఎక్కువ’ అనే ఇంట్లో దారి వేరు. మూడు కిలోవాట్ల వరకు బ్యాంకులు తాకట్టు లేకుండా, తక్కువ వడ్డీకి అప్పిస్తున్నాయి. మూడు కిలోవాట్లు రోజుకు సుమారు 12 యూనిట్లు, నెలకు 360 ఇస్తాయి. యూనిట్‌కు సగటున ఆరు రూపాయలు ఆదా అనుకుంటే నెలకు రెండువేల పైచిలుకు. కంతు ఆ మొత్తానికి దగ్గరగా ఉంటే ధర గురించిన మాట తగ్గి, కంతు గురించిన మాట వస్తుంది.

కొన్నిసార్లు కొనేవాడి మాటే నిజం. నెలకు రెండొందల యూనిట్లు కాలే ఇంటికి మూడు కిలోవాట్లు ఎక్కువే. రెండు చాలు, నెలకు 240 యూనిట్ల దాకా వస్తాయి, సబ్సిడీ 60,000. అక్కడ మూడుకు డిస్కౌంటిచ్చి అంటగట్టడం తప్పు, రెండుకు కొత్త కొటేషన్ రాసివ్వాలి. వాడకం అంతకన్నా బాగా తక్కువైతే యూనిట్ ధర కూడా కింది శ్లాబులోదే కాబట్టి పెట్టుబడి తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. అలాంటివారికి ‘మీకు ఇప్పుడే అవసరం లేదండీ’ అని చెప్పేసి రావడం నా లెక్కలో మంచి వ్యాపారమే. ఆ వీధిలో తర్వాత పెద్ద బిల్లు కట్టే ఇంటివాళ్లు అతన్నే పిలుస్తారు.

ఈ గొడవంతా చాలాచోట్ల కొటేషన్‌లోనే పుడుతుంది. వాట్సాప్‌లో ‘3 కిలోవాట్లు, 2,05,000’ అని ఒక్క లైను పంపితే, పోల్చడానికి అంకె ఒక్కటే దొరుకుతుంది. ప్యానెల్ కంపెనీ, డీసీఆర్ అవునో కాదో, ఇన్వర్టర్ వారంటీ ఎన్నేళ్లు, స్ట్రక్చర్ ఎత్తు, ఎర్తింగ్ గుంతలెన్ని, నెట్ మీటర్ ఖర్చు ఎవరిది, ధర ఏ తేదీ దాకా చెల్లుతుంది అన్నవి విడివిడిగా రాసి, వీలైతే మనిషే పట్టుకెళ్లి చూపిస్తే సగం మాటలు అక్కడే తేలిపోతాయి. అన్నీ చూశాక కూడా కొందరు చవకదే తీసుకుంటారు. వాళ్లకు ఆ కాగితం ఇచ్చి రావడమే. పక్క వెండార్‌ను అడగాల్సిన ప్రశ్నలన్నీ అందులోనే ఉన్నాయి.