ఉద్యోగం ఖాయమే... డబ్బు కట్టాకే!

ఇంజినీరింగ్ పూర్తయి ఏడాది కావస్తున్నా ఉద్యోగం రాక, జాబ్ పోర్టళ్లన్నింటిలో రెజ్యూమె పెట్టి కూర్చున్న కుర్రాడికి ఓ మధ్యాహ్నం మెయిల్ వస్తుంది. పైన పేరున్న కంపెనీ లోగో, కింద హెచ్ఆర్ మేనేజర్ సంతకం, గుండ్రటి రబ్బరు స్టాంపు. "మీ ప్రొఫైల్‌ను మా సంస్థ ఎంపిక చేసింది. ఇంటర్వ్యూ మా ప్రధాన కార్యాలయంలో. రానుపోను విమాన టికెట్ కంపెనీయే పంపుతుంది. ఏడాదికి ఆరున్నర లక్షల జీతం." ఇంతవరకూ చదివేసరికే ఇంట్లో అమ్మను కేకేస్తాడు. అసలు సంగతి మూడో పేరాలో ఉంటుంది. సెక్యూరిటీ డిపాజిట్ కింద కొంత మొత్తం 'మా అకౌంటెంట్ ఖాతా'లో వేయాలి. ఇంటర్వ్యూలో నెగ్గినా, నెగ్గకపోయినా ఆ డబ్బు తిరిగి ఇచ్చేస్తారు. టికెట్ మాత్రం డబ్బు అందాకే వస్తుంది.

కంపెనీల పేర్లూ అంకెలూ మార్చుకుంటూ ఈ నమూనా ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది. కార్ల కంపెనీల నుంచి ఐటీ సంస్థల దాకా పెద్ద పేర్లన్నింటినీ మోసగాళ్లు వాడుకున్నారు. టీసీఎస్, ఇన్ఫోసిస్ వంటి సంస్థలు, ఉద్యోగం ఇవ్వడానికి తాము ఏ దశలోనూ డబ్బు అడగమని వెబ్‌సైట్లలోనే హెచ్చరికలు పెట్టుకోవాల్సి వచ్చింది.

మోసం బలమంతా 'తిరిగి ఇస్తాం' అన్న మాటలో ఉంది. ఉద్యోగం కొనుక్కోమంటే చాలామంది వెనకడుగు వేస్తారు. పోయే డబ్బు కాదంటే మాత్రం మనసు మెత్తబడుతుంది. అందుకే మొదట అడిగే మొత్తం ఎప్పుడూ చిన్నదే. ఇలాంటి ఒక వ్యవహారం ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణగా లెక్కేసి చూద్దాం. మొదట రిజిస్ట్రేషన్ పేరుతో 1,850 రూపాయలు. కట్టగానే అరగంటలో ఆఫర్ లెటర్ వస్తుంది, నమ్మకం కుదురుతుంది. మర్నాడు లాప్‌టాప్‌కు డిపాజిట్ అంటూ 7,500. రెండ్రోజులాగి సర్టిఫికెట్ల పరిశీలన, శిక్షణ కలిపి 12,900. మొత్తం 22,250. మొదటిసారే ఇంత అడిగి ఉంటే ఎవరూ ఇవ్వరు. ఇప్పుడు ఆగిపోతే అంతకుముందు కట్టిందీ పోతుందన్న భయం మూడో వాయిదా కట్టిస్తుంది. ఎప్పుడో ఒకసారి 'ఇక నా దగ్గర లేవు' అన్న రోజున ఫోన్ స్విచాఫ్ అవుతుంది.

మెయిల్‌లో తన కాలేజీ పేరూ, పాసైన సంవత్సరమూ సరిగ్గా ఉన్నాయి కాబట్టి నిజమేననుకునేవాళ్లున్నారు. ఆ వివరాలు పోర్టల్‌లో పెట్టిన రెజ్యూమెలోనివే. దాన్ని రిక్రూటర్ ముసుగులో ఎవరైనా చూడవచ్చు. ఆఫర్ లెటర్ మీద ముద్రించిన కంపెనీ రిజిస్ట్రేషన్ నంబరు అసలైనదే కావచ్చు. కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో వెతికితే అది దొరికిపోతుంది, మోసగాడికీ దొరుకుతుంది. అది కంపెనీ ఉందని చెబుతుందే తప్ప, ఉత్తరం ఆ కంపెనీ రాసిందని చెప్పదు.

మెయిల్ చిరునామాను చదవడంలో ఒక కిటుకు ఉంది. ఫోన్‌లో పైకి కనిపించే పేరును చూడకూడదు, ఎవరైనా ఏ పేరైనా పెట్టుకోవచ్చు. దాని మీద నొక్కితే అసలు చిరునామా బయటపడుతుంది. అందులో @ తర్వాతి భాగాన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి. కంపెనీ వెబ్‌సైట్ example.com అనుకుందాం. careers.example.com అన్నది ఆ కంపెనీదే, ఎందుకంటే చివరి రెండు ముక్కలూ కంపెనీవి. example-careers.com మాత్రం పూర్తిగా వేరే చిరునామా. నడుమ చుక్క ఉండాల్సిన చోట అడ్డగీత పెట్టి, ఖాళీగా ఉన్న ఏ పేరునైనా ఎవరైనా కొద్ది డబ్బుతో కొనుక్కోవచ్చు. ఇంకో చిన్న పరీక్ష కూడా ఉంది. Reply నొక్కి To గడిలో ఏ చిరునామా పడిందో చూడాలి. మెయిల్ కంపెనీ పేరుతో వచ్చి, జవాబు మాత్రం ఏ జీమెయిల్‌కో వెళ్తుంటే అనుమానించాల్సిందే.

కంప్యూటర్‌లో జీమెయిల్ వాడేవారు మెయిల్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి Show original తెరిస్తే SPF, DKIM, DMARC అనే మూడు వరుసలు కనిపిస్తాయి. వాటి పక్కన FAIL అని ఉంటే ఆ చిరునామాను ఎవరో దొంగతనంగా వాడుతున్నారని గట్టిగా అనుమానించవచ్చు. PASS అని ఉన్నంత మాత్రాన సంబరపడకూడదు. మోసగాడు తాను కొన్న example-careers.com నుంచే పంపితే అక్కడా PASS అనే వస్తుంది. మెయిల్ ఆ చిరునామా నుంచే వచ్చిందన్నంత వరకే దాని పూచీ.

ఇక రెండో వైపు. అనుమానం ముదిరి, తెలియని చిరునామా కనపడగానే మెయిల్ తీసేసేవాళ్లకూ నష్టమే. ఇవాళ చాలా కంపెనీలు ఉద్యోగ దరఖాస్తుల పనిని బయటి సాఫ్ట్‌వేర్లకు అప్పగించాయి. వర్క్‌డే వాడే కంపెనీ నుంచి వచ్చే ఇంటర్వ్యూ మెయిల్ myworkday.com నుంచి రావచ్చు. ఆఫర్ తర్వాత పాత ఉద్యోగం, డిగ్రీ వివరాలు సరిచూసే పని ఇంకో ఏజెన్సీది. అమీర్‌పేటలో రెండు గదుల్లో నడిచే కన్సల్టెన్సీ జీమెయిల్ నుంచే రాస్తుంది, వాళ్ల దగ్గర నిజమైన ఉద్యోగాలూ ఉండవచ్చు. తెలుగులో తప్పులున్నాయనో, ఇంగ్లిష్ సరిగా లేదనో తోసిపుచ్చడమూ అంతే. నిజమైన హెచ్ఆర్‌లూ హడావిడిలో తప్పులు రాస్తారు, మోసగాళ్లు చక్కటి ఇంగ్లిష్ రాస్తారు. చిరునామా, భాష, లోగో ఏవైనా అటూఇటూ అవుతాయి. డబ్బు ఎటు వెళ్తోందన్నది మాత్రం తేల్చి చెబుతుంది. ఉద్యోగమిచ్చే సంస్థ జీతమిస్తుంది, తీసుకోదు.

దీనికి మినహాయింపులు లేకపోలేదు. అవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినవే. సర్వీస్ కమిషన్, స్టాఫ్ సెలక్షన్ వంటి ప్రభుత్వ పరీక్షలకు దరఖాస్తు ఫీజు ఉంటుంది. అది నోటిఫికేషన్‌లో ముందే రాసి ఉంటుంది, కమిషన్ వెబ్‌సైట్‌లోనే కట్టాలి, ఎంపికయ్యాక కట్టేది కాదు. గల్ఫ్ వంటి చోట్లకు వెళ్లేవారి నుంచి లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంటు సేవా రుసుము తీసుకోవచ్చు. అది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించకూడదన్నది కేంద్రం నిబంధన, రసీదు ఇచ్చి తీరాలి. ఆ ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో emigrate.gov.in లో చూడవచ్చు. తెలంగాణలో అయితే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను అడగవచ్చు. జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ వైపు నుంచి వెళ్లేవాళ్లకు ఈ ఒక్క వెబ్‌సైట్ చూడటం తెలిస్తే చాలా మంది సబ్ ఏజెంట్ల దుకాణాలు మూతపడతాయి.

అయితే మెయిల్‌కు ఏం జవాబివ్వాలి? ముందు ఇవ్వకుండా చేయాల్సిన పని ఒకటుంది. మెయిల్‌లోని లింకును గానీ ఫోన్ నంబరును గానీ వాడకుండా, కంపెనీ వెబ్‌సైట్ పేరును బ్రౌజర్‌లో స్వయంగా టైపు చేయాలి. కెరీర్స్ పేజీలో ఆ ఉద్యోగం ఉందా, జాబ్ ఐడీ కలుస్తుందా చూడాలి. అక్కడిచ్చిన చిరునామాకు మెయిల్ కాపీని జతచేసి, 'ఇది మీరు పంపిందేనా?' అని రెండు వాక్యాలు రాస్తే చాలు. మోసాల గురించి ఫిర్యాదు చేయడానికే కొన్ని కంపెనీలు ప్రత్యేక చిరునామా పెట్టాయి.

ఇక వచ్చిన మెయిల్‌కు తిట్లతో బదులివ్వాల్సిన అవసరం లేదు. నిజమైనదే అయితే అవకాశం పోకూడదు కదా. మర్యాదగా ఇలా రాయవచ్చు: "ఆఫర్‌కు కృతజ్ఞతలు. ఈ ఉద్యోగం మీద నాకు ఆసక్తి ఉంది. దయచేసి జాబ్ ఐడీని, ఇంటర్వ్యూ వివరాలను సంస్థ అధికారిక మెయిల్ నుంచి పంపండి. నేను ముందస్తుగా ఏ రుసుమూ చెల్లించలేను. ఏదైనా ఉంటే మొదటి నెల జీతంలో మినహాయించుకోగలరు. ఆధార్, పాన్ ప్రతులను చేరే రోజున చూపిస్తాను." ఈ ఐదారు వాక్యాల్లో ఎదుటివాడి గుట్టు బయటపడుతుంది. నిజమైన హెచ్ఆర్ అయితే ఒకట్రెండు రోజుల్లో వివరాలు పంపుతారు, లేదా తామసలు డబ్బు అడగలేదే అని ఆశ్చర్యపోతారు. మోసగాడైతే జీతంలో మినహాయింపు అన్నమాట పట్టించుకోకుండా 'సాయంత్రం ఐదు దాటితే సీటు వేరేవాళ్లకు' అంటాడు, వాట్సాప్‌లోకి రమ్మంటాడు, లేదా సగమైనా కట్టమని బేరానికి దిగుతాడు. డిపాజిట్‌ను బేరమాడే కంపెనీ ఎక్కడా ఉండదు.

ఆ దశలో ఏ కాగితమూ పంపకూడదు. కంపెనీ నిజమైనదని తేలాక కూడా ఆధార్ అవసరమైతే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను యూఐడీఏఐ వెబ్‌సైట్ నుంచి దించుకుని ఇవ్వడం మేలు. ఓటీపీ ఎవరికీ అక్కర్లేదు. ఆఫర్ లెటర్ అంటూ .apk ఫైలు వస్తే తెరవనే కూడదు, అది ఫోన్‌లో దిగే యాప్. యూపీఐలో డబ్బు పంపబోయే ముందు తెర మీద బ్యాంకులో నమోదైన పేరు కనిపిస్తుంది. కంపెనీ పేరుండాల్సిన చోట ఎవరో వ్యక్తి పేరుంటే అక్కడే ఆగిపోవాలి.

డబ్బు పంపేశాక తెలివొస్తే సిగ్గుపడుతూ కూర్చునే ప్రతి గంటా మోసగాడికే లాభం. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారిపోతూ, చివరికి ఏటీఎంలో బయటికి వచ్చేస్తుంది. అది జరగకముందే 1930కు ఫోన్ చేస్తే ఖాతాలో మిగిలిన మొత్తాన్ని బ్యాంకులు నిలిపివేసే అవకాశం ఉంటుంది. లావాదేవీ యూటీఆర్ నంబరు, తేదీ, మొత్తం, ఎదుటివారి యూపీఐ ఐడీ దగ్గర పెట్టుకుని చేయాలి. తర్వాత cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేసి, మెయిల్ చెరిపేయకుండా ఉంచాలి. కంప్యూటర్ సాధనాలతో వేరొకరిలా నటించి మోసగించడం ఐటీ చట్టం 66డీ కింద మూడేళ్ల వరకూ జైలు శిక్ష పడే నేరం. కొన్ని రోజులకు 'మీ డబ్బు వెనక్కి ఇప్పిస్తాం, ముందు ప్రాసెసింగ్ ఫీజు కట్టండి' అంటూ ఇంకొకరు ఫోన్ చేయవచ్చు. అది కూడా వాళ్లే, లేదా వాళ్ల దగ్గర పేరు కొనుక్కున్నవాళ్లు.

రూపాయి కూడా పోకపోయినా ఫిర్యాదు చేయవచ్చు. అనుమానం ఉన్న ఫోన్ నంబరు, మెయిల్, యూపీఐ ఐడీ వివరాలను ఆ పోర్టల్‌లోనే నమోదు చేయడానికీ, ఇప్పటికే వాటి మీద ఫిర్యాదులున్నాయా అని వెతకడానికీ వీలుంది. డబ్బు అడిగే ఆఫర్ వస్తే మెయిల్ తొలగించే ముందు ఆ ఖాతా వివరాలు ఒకసారి అక్కడ నమోదు చేయండి.