హీటర్ లాగే సగటు శక్తి ఎంత?

ఇంటి ప్లగ్‌లో 230 వోల్టులు ఉంటాయంటాం. నిజానికి అక్కడి వోల్టేజి సెకనుకు 50 సార్లు సైన్ తరంగంలా ఊగుతూ, సుమారు 325 వోల్టుల గరిష్ఠాన్ని తాకుతుంది. 1000 వాట్ల హీటర్ ఆ క్షణాన 2000 వాట్లు లాగుతుంది. వోల్టేజి సున్నాను దాటే క్షణాన ఏమీ లాగదు.

హీటర్ శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది. అందుకే దాని గ్రాఫు sin²θ ఆకారంలో ఉంటుంది, ఎప్పుడూ సున్నా కిందికి దిగదు. దీని సగటుకు పెద్ద లెక్క అక్కర్లేదు. sin²θ, cos²θ గ్రాఫుల ఆకారం ఒకటే, ఒకటి కాస్త పక్కకు జరిగిందంతే. కాబట్టి పూర్తి ఆవర్తనంలో రెండింటి సగటూ సమానం. వాటి మొత్తం ఎప్పుడూ 1 కనుక ఒక్కోదాని సగటు 1/2. అంటే 2000లో సగం, 1000 వాట్లు.

ఆవర్తనంలో మొదటి ఎనిమిదో వంతు దగ్గరే ఆపేస్తే మాత్రం సగటు 0.18 దగ్గరే తేలుతుంది.

ఇక sin²θకు వర్గమధ్యమ మూలం, అంటే ఆర్‌ఎంఎస్, కట్టాలంటే దాన్ని మళ్లీ వర్గం చేయాలి:

sin⁴θ = (1 − 2cos2θ + cos²2θ)/4

మధ్య పదం సగటు సున్నా, చివరిదాని సగటు 1/2. మొత్తం సగటు 3/8, దాని వర్గమూలం సుమారు 0.612.

ఈ లెక్కన హీటర్ శక్తి ఆర్‌ఎంఎస్ 1225 వాట్లు. నీళ్లను వేడిచేసేదీ, మీటరు బిల్లుకు ఎక్కించేదీ మాత్రం సగటు శక్తి అయిన 1000 వాట్లే. ఆర్‌ఎంఎస్ తీయాల్సింది వోల్టేజికి, శక్తికి కాదు.