కారు ఇవ్వలేనని స్నేహితుడికి చెప్పడమెలా?

"రెండు రోజులు కారు ఇస్తావా రా, శ్రీశైలం వెళ్లొస్తాం" అని స్నేహితుడి మెసేజ్. ఇవ్వడం ఇష్టం లేదు, మనసు నొప్పించడమూ ఇష్టం లేదు. అప్పుడు చాలామంది ఇలా రాస్తారు: "నువ్వు జాగ్రత్తగానే నడుపుతావు, కానీ ఘాట్ రోడ్డు కదా, భయం." మెచ్చుకున్నట్టే ఉన్నా అవతలివాడు చదివేది "నీ డ్రైవింగ్ మీద నమ్మకం లేదు" అనే. "పోయినసారి ఒకడికిస్తే గీతలు పెట్టి తెచ్చాడు" అన్నా అంతే, వాడినీ ఆ జాబితాలో చేర్చినట్టే. అందుకే అతని డ్రైవింగ్ ఊసే ఎత్తకూడదు, మెచ్చుకోలుగా కూడా.

కారణం మీ వైపునే ఉండాలి. అలాంటి కారణం నిజంగానే ఉంది. బండి ఎవరు నడిపినా ఈ-చలానా వచ్చేది రిజిస్ట్రేషన్ ఉన్నవారి పేరు మీదే. ప్రమాదం జరిగితే ఓనరూ కేసులో పార్టీ అవుతాడు. బీమాలోని ఓనర్-డ్రైవర్ వ్యక్తిగత ప్రమాద కవర్ ఓనరుకే తప్ప బండి తీసుకెళ్లినవారికి వర్తించదు. అడిగి తెచ్చుకున్న బైకుపై వెళ్తూ ఎడ్లబండిని ఢీకొని ఒకరు చనిపోయిన కేసులో, 2009లో సుప్రీంకోర్టు అతను ఓనరు స్థానంలో ఉన్నట్టేనంది. ఎవరి తప్పో నిరూపించనక్కర్లేని అప్పటి 163ఎ సెక్షన్ కింద ఆ కుటుంబానికి పరిహారం రాదని తేల్చింది. ఎంత జాగ్రత్తపరుడికైనా ఇదే వర్తిస్తుంది.

అయితే ఇదంతా మెసేజ్‌లో ఏకరువు పెట్టకూడదు. కారణాలు పెరిగేకొద్దీ బేరం మొదలవుతుంది. "ఇన్సూరెన్స్ సంగతి నేను చూసుకుంటాలే" అంటే మీ దగ్గర జవాబు ఉండదు. కారు సర్వీసింగ్‌లో ఉందని అబద్ధమాడితే సాయంత్రానికి అది రోడ్డు మీద కనబడుతుంది. "చూసి చెబుతా" అంటే వాడు ఆశ పెట్టుకుంటాడు, వేరే ఏర్పాటు చేసుకోడు.

ఇలా రాస్తే సరిపోతుంది:

"కారు ఇవ్వలేను రా. నా పేరు మీదున్న బండి నేను లేకుండా బయటికి పంపకూడదని పెట్టుకున్నా, మా తమ్ముడికీ ఇదే మాట. నీకు వేరే ఏర్పాటుకి టైముంటుందని ఇప్పుడే చెబుతున్నా. శనివారం పొద్దున మిమ్మల్ని బస్టాండులో నేను దింపుతా."

ఇందులో మొదటి వాక్యమే జవాబు. రెండోది అందరికీ ఒకటే నియమం, అందుకే అవమానం ఉండదు. కానీ తమ్ముడికి నిజంగా ఇస్తుంటే ఆ మాట రాయకండి. చివరి సాయం కూడా చేయగలిగితేనే చెప్పండి.

మళ్లీ అడిగితే కొత్త కారణం వెతక్కండి. "అది మారదు రా, బస్టాండుకి ఎన్నింటికి రమ్మంటావు?" అనండి. ఆ నియమాన్ని వచ్చే నెల ఇంకొకరి కోసం మీరే సడలిస్తే మాత్రం, ఈ స్నేహితుడికి మీరు చెప్పింది సాకేనని తేలిపోతుంది.